ఒక పొర తీసేస్తే ఏమవుతుంది?

మెషీన్ లెర్నింగ్ పరిశోధన పత్రాల్లో అబ్లేషన్ అనే మాట తరచూ ఎదురవుతుంది. మోడల్‌లోంచి ఒక భాగాన్ని తీసేసి, మిగతాదంతా అలాగే ఉంచి, సాధారణంగా మళ్లీ మొదటి నుంచి శిక్షణ ఇస్తారు. పనితీరు ఎంత పడిపోయిందో చూస్తారు. ఆ భాగం విలువ అప్పుడు తెలుస్తుంది.

2012లో వచ్చిన అలెక్స్‌నెట్ పత్రాన్నే తీసుకుందాం. బొమ్మలో ఏముందో గుర్తుపట్టే ఆ మోడల్‌లో 8 పొరలు, దాదాపు 6 కోట్ల పారామీటర్లు ఉన్నాయి. 8 పొరల్లో 5 కన్వల్యూషన్ పొరలు. ఒక్కోదానిలో ఉన్న పారామీటర్లు మొత్తంలో రెండు శాతం కూడా ఉండవు. ఇంత చిన్న పొర పోతే ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ నడిమి పొరల్లో ఏ ఒక్కటి తీసేసినా, మొదటి ఊహే సరైనదయ్యే సందర్భాలు సుమారు 2 శాతం తగ్గాయని రచయితలు రాశారు. దాన్నిబట్టే, ఈ ఫలితాలకు లోతు నిజంగా ముఖ్యమని వాళ్లు తేల్చారు.

అయితే ఒక జాగ్రత్త. శిక్షణ యాదృచ్ఛికంగా ఎంచిన అంకెలతో మొదలవుతుంది కాబట్టి, ఏమీ మార్చకుండా మళ్లీ నడిపినా ఫలితం కాస్త అటూ ఇటూ అవుతుంది. అందుకే పత్రంలోని అబ్లేషన్ పట్టికలో తేడా మరీ చిన్నదిగా కనిపిస్తే, ప్రయోగాన్ని ఎన్నిసార్లు నడిపారో వెతకండి. ఒక్కసారే అయితే ఆ తేడాను నేను లెక్కలోకి తీసుకోను.