గంటన్నర ప్రసంగానికి పావుగంట కసరత్తు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక మనలో చాలామంది మైకు ముందుకు వస్తున్నారు. ఒకరు రామాలయంలో పురాణం చెబుతారు, ఇంకొకరు పెన్షన్ రూల్సు మీద క్లాసు తీసుకుంటారు. అందుచేత, సుదీర్ఘ ప్రసంగానికి ముందు గొంతును ఎలా సిద్ధం చేసుకోవాలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను డాక్టరును కాను, గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. మా వీధిలోని ఒక తెలుగు మాస్టారి వెంట స్పీచ్ థెరపిస్టు వద్దకు వెళ్ళి, ఆమె చెప్పినవన్నీ కాగితం మీద పెట్టుకొచ్చాను.

మాస్టారికి 71 ఏళ్ళు. భాగవత సప్తాహం ఒప్పుకున్నారు. రోజూ గంటన్నర. మూడోనాటికి గొంతు బొంగురుపోయింది, అయిదోనాడు మాటే రాలేదు. గొంతు డాక్టరు గారు చూసి, కురుపులేవీ లేవు, స్వరతంతువులు వాచాయి, అంతే అన్నారు. మనం మాట్లాడేటప్పుడు ఆ రెండు సన్నని మడతలూ ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. మగవారిలో సెకనుకు 100 సార్లకు పైగా, ఆడవారిలో సుమారు దానికి రెట్టింపు. ఆరిపోయి ఉన్నప్పుడు, ఎత్తుకోవడమే పెద్ద గొంతుతో ఎత్తుకుంటే ఆ తాకిడికి వాస్తాయి.

మొదటిది నీళ్ళు. మనం తాగిన నీరు స్వరతంతువులను నేరుగా తడపదు. అది అన్నవాహికలోకి పోతుంది, తంతువులున్నది గాలిగొట్టం మొదట్లో. నీరు రక్తంలో కలిసి అక్కడికి తేమగా చేరాలంటే వ్యవధి కావాలి. కనుక వేదిక ఎక్కాక గ్లాసెడు గటగటా తాగితే నోరు తడుస్తుందే గాని అసలు పని జరగదు. మాస్టారు సాయంత్రం 6 గంటల ప్రసంగానికి 4 గంటల నుంచి కొద్దికొద్దిగా రెండు గ్లాసులు తాగేవారు. గుండె, మూత్రపిండాల జబ్బులకు నీళ్ళు కొలతగా తాగమన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటవద్దు. వారు 5 నిమిషాలు వేడినీటి ఆవిరి పట్టవచ్చు. ఆవిరి నేరుగా తంతువులకే తగులుతుంది.

రెండవది హమ్మింగ్. 5.40కి కూర్చుని, భుజాలు వదులు చేసి, పెదవులు మూసి, పళ్ళు ఎడంగా ఉంచి, మెల్లగా "మ్..." అనాలి. మామూలుగా మాట్లాడే స్థాయి చాలు. పెదవుల దగ్గర, ముక్కు పక్కల సన్నని జలదరింపు తెలిస్తే సరిగ్గా చేస్తున్నట్లు. గొంతులో గీరినట్లుంటే బలవంతం చేస్తున్నట్లు, ఇంకా తగ్గించాలి. ఇది 3 నిమిషాలు.

మూడవది పెదవులు అదిరించడం. పిల్లలు బస్సు ఆట ఆడుతూ "బుర్ర్ర్..." అంటారే, అదే. మూసీ మూయని పెదవుల వెనుక గాలి కొంత నిలిచి, తంతువుల తాకిడిని మెత్తబరుస్తుంది. అదిరిస్తూ స్వరాన్ని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జార్చాలి. 5 నిమిషాలు, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ. మన వయసులో బుగ్గలు జారి పెదవులు అదరవు. రెండు చూపుడు వేళ్ళతో బుగ్గలను కొంచెం పైకి ఆనిస్తే అదురుతాయి. కట్టుడు పళ్ళు వదులుగా ఉన్నవారు ఈ పద్ధతి మానుకుని, గ్లాసులో నాలుగు వేళ్ళ మందాన నీళ్ళు పోసి, అందులో స్ట్రా పెట్టి, బుడగలు వచ్చేలా "ఊ..." అనవచ్చు. గుణం ఒకటే.

చివర, ప్రసంగంలోని మొదటి నాలుగు వాక్యాలను హమ్మింగ్ చేసిన స్వరంలోనే మెల్లగా చదువుకోవాలి. 5.55కి లేచి వెళ్ళవచ్చు.

వాపు ఉందో లేదో తెలుసుకునే ఉపాయం ఒకటుంది. రోజూ ఉదయం ఏదైనా చిన్న పాట పల్లవిని పై స్థాయిలో, అతి మెల్లగా పాడండి. నిన్న పలికిన చోటే ఈవేళ గాలి మాత్రమే వచ్చినా, స్వరం ఆలస్యంగా పలికినా వాపు ఉన్నట్లే. ఆ రోజు ప్రసంగం తగ్గించుకోవాలి. గొంతు సవరించుకోవడం, గుసగుసలాడటం రెండూ చేటు. సవరించుకోవాలనిపిస్తే ఒక గుక్క నీళ్ళు మింగండి.

మరుసటి ఏడు మాస్టారు ఇదే వరసలో ఏడు రోజులూ పూర్తి చేశారు. మైకు దగ్గరగా పెట్టించుకున్నారు, అరగంటకొకసారి రెండు నిమిషాలు శ్రోతల చేత నామం చెప్పించి తాను ఊరుకున్నారు.

అయితే కసరత్తు మందు కాదు. జలుబుతో గొంతు పోతే విశ్రాంతే మార్గం. బొంగురు 3, 4 వారాలు దాటినా, మింగడం కష్టమైనా, కఫంలో రక్తం కనిపించినా వెంటనే గొంతు డాక్టరుకు చూపించుకోండి. పొగ అలవాటున్నవారు ఆ మాత్రమూ ఆగవద్దు.