కాగితం మీద ఎవరి మాటలు?

హూడిలో మన మధ్య తిరిగే ఒక తాపీ మేస్త్రీ గురించి ఈ సాయంత్రం మాట్లాడుకుందాం. అనంతపురం వైపునుంచి వచ్చి, ఇక్కడ కట్టే అపార్ట్‌మెంట్లలో పని చేస్తున్నాడు. చెప్పుకోమని ఆయనే అన్నాడు. గుర్తుపట్టే వివరాలు మాత్రం మార్చాం.

చనిపోవాలనే ఆలోచన తీవ్రమై ఆయన ఆసుపత్రికి చేరాడు. అంతకుముందే మా దగ్గరికి వచ్చినప్పుడు మేము చేసిన పని ఒకటుంది. బైబిలు మీద చెయ్యి పెట్టించి, "ఇంకెప్పుడూ అలా ఆలోచించను" అని మాట తీసుకున్నాం. అలాంటి ఒట్టు ప్రాణాన్ని కాపాడుతుందనడానికి ఆధారం లేదు. పైగా ఆలోచన మళ్ళీ వచ్చినప్పుడు, మాట తప్పానన్న సిగ్గుతో మాకు చెప్పుకోలేకపోయాడు.

ఆసుపత్రిలో సామాజిక కార్యకర్త ఒట్టు అడగలేదు, కాగితం తీసింది. దీన్ని భద్రతా ప్రణాళిక అంటారు. అమెరికాలో బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతి ఇది. అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రులలో చేసి, 2018లో ప్రచురించిన అధ్యయనంలో మామూలు చికిత్స పొందినవారిలో ఆరు నెలల్లోగా నూటికి సుమారు ఐదుగురు ఆత్మహత్య దిశగా అడుగు వేశారు. ఈ ప్రణాళిక రాసుకున్నవారిలో అలాంటివారు ముగ్గురే. వీరికి తర్వాత ఫోన్ చేసి పలకరిస్తూ వచ్చారు కాబట్టి ఆ ఫలితం కాగితం ఒక్కదానిది కాదు.

ఆమెకు తెలుగు రాదు గనుక మేము దుబాసీలుగా కూర్చున్నాం. తప్పు అక్కడే జరిగింది. ఆయన చెప్పినదాన్ని మేము ప్రసంగపు తెలుగులోకి మార్చి రాశాం: "నిరాశకు లోనైనప్పుడు ప్రార్థనలో గడుపుతాను." వారం తర్వాత ఒక రాత్రి మళ్ళీ కష్టమైంది. కాగితం జేబులోనే ఉంది, తీయలేదు. ఎందుకని అడిగితే, "అది మీ కాగితం కదయ్యగారూ" అన్నాడు.

ఆమె దగ్గరే రెండోసారి రాశాం. ఈసారి ఆయన అన్నది అన్నట్టే. ముందు, ఇబ్బంది మొదలవుతోందని ఎలా తెలుస్తుంది? "రాత్రి రెండింటికి మెలకువైతాది. అప్పు లెక్క తిరుగుతానే ఉంటాది. అక్క ఫోన్ చేసినా ఎత్తబుద్ధి కాదు." నిరాశ అనే మాటే లేదు. కానీ రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఆయనకు తెలుస్తుంది, కాగితం తీయాల్సిన వేళ ఇదేనని.

తర్వాత, ఎవరి సాయమూ లేకుండా తాను ఏం చేయగలడు? "మందు తాగి పడుకుంటా" అన్నాడు. ఆమె కాదనలేదు. "పొద్దున లేస్తే ఎట్లుంటుంది?" అని అడిగించింది. "ఇంకా పెద్దదైతాది" అని తనే కొట్టేశాడు. కాసేపటికి, "తాపీ, బకెట్టు కడుక్కుంటా. సిమెంటు గీరతా ఉంటే బుర్ర నిలబడతాది" అన్నాడు. ప్రార్థన ఆయన చెప్పలేదు, మేమూ చేర్చలేదు.

నలుగురి మధ్య కూర్చోవడానికి ఎక్కడికి పోతావంటే టీ అంగడి అన్నాడు. రాత్రి రెండింటికి అది తెరిచి ఉంటుందా అని ఆమె అడిగింది. ఉండదు. అందుకని రాత్రికైతే గదిలో ఉండే పిల్లోడిని లేపి, పక్కన కూర్చుంటానన్నాడు. వాడికి అన్నీ చెప్పనక్కర్లేదు, పక్కన మనిషుంటే చాలు.

మరి విప్పి చెప్పుకునేది ఎవరికి? మొదటి కాగితంలో మా పేరు పైన రాసుకున్నాం. రెండోసారి ఆయన అక్క పేరు పెట్టించి, మమ్మల్ని తీసేశాడు. "మీకు చెబితే ఆదివారం ప్రసంగంలో వస్తాదేమో" అన్నాడు. కాపరులుగా మేము తలదించుకుని వినాల్సిన మాట అది.

ఆ కిందే 14416 ఉంది. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ నంబరు అది. రాత్రింబవళ్ళు, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. నిమ్హాన్స్ అత్యవసర విభాగమూ రాసుకున్నాడు. హూడి నుంచి హోసూరు రోడ్డుకు అర్ధరాత్రి వెళ్ళడం సులువు కాదు. అందుకని తెలిసిన ఆటో అతని నంబరు కూడా.

చివరిది, ప్రమాదం తెచ్చే వస్తువులను దూరం పెట్టడం. "జాగ్రత్తగా ఉంచుతాను" అంటే సరిపోదు. మాత్రలు ఎవరి దగ్గర, ఎన్నాళ్ళకు సరిపడా, ఎవరు తెచ్చిస్తారు? "వారానివి మాత్రమే. పిల్లోడి పెట్టెలో. ఆదివారం అక్క తెస్తాది" అని రాయించాడు.

మన సంఘాల్లో దీన్ని వాడాలనుకుంటే ఒక హద్దు గుర్తుంచుకోవాలి. మనిషి మత్తులో ఉన్నా, లేని గొంతులు వినబడుతున్నా, ఈ రాత్రి గడుస్తుందో లేదో అంటున్నా కాగితం తీయకూడదు. ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ప్రణాళిక చికిత్సకు బదులు కాదు.

ఆ కాగితం ఇప్పుడు ఆయన ఫోను కవరులో మడిచి ఉంది. మొన్న చూస్తే ఒక వరుస కొట్టేసి ఉంది. టీ అంగడి మూసేశారట. దాని కింద వంకర అక్షరాలతో, తన చేత్తోనే, ఇంకో చోటు పేరు రాసుకున్నాడు.