ఇంగ్లిష్ టాక్ నోట్స్‌ని తెలుగు మీటప్ కోసం ఎలా మార్చాలి? ఒక యూనికోడ్ టాక్‌తో చూద్దాం

ఈ ఎపిసోడ్‌లో కోడ్ తక్కువ, మాటలు ఎక్కువ. వచ్చే శనివారం మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక చిన్న హాల్లో మీటప్ ఉంది. అక్కడ పైథాన్ మీద 25 నిమిషాల టాక్, తెలుగులో ఇవ్వాలి. వచ్చేవాళ్ళలో సగం మంది డిప్లొమా చదివేవాళ్ళు, ఇంకొంతమంది అమీర్‌పేటలో కోర్సులు చేస్తూ సాయంత్రం బస్సెక్కి వచ్చేవాళ్ళు. ఇంగ్లిష్‌లో ఎర్రర్ మెసేజ్ చదవగలరు గానీ అరగంట ఇంగ్లిష్ టాక్ వినమంటే పది నిమిషాలకి ఫోన్ తీస్తారు. వాళ్ళ తప్పేం లేదు, నేనూ అంతే.

టాపిక్ నేను కొత్తగా తయారు చేయట్లేదు. 2012లో అమెరికాలో పైకాన్ జరిగినప్పుడు నెడ్ బాచెల్డర్ అనే ఆయన "ప్రాగ్మాటిక్ యూనికోడ్" అని ఒక టాక్ ఇచ్చారు. పైథాన్ వాళ్ళు ఇప్పటికీ ఒకళ్ళకొకళ్ళు పంపించుకునే టాక్ అది. ఆయన సైట్‌లో ప్రతి స్లైడ్ కింద ఏం మాట్లాడారో కూడా రాసి పెట్టారు, అంటే స్పీకర్ నోట్స్ చేతికి దొరికినట్టే. ఇలా ఇంకొకరి టాక్ తీసుకుంటే ముందు వాళ్ళకి మెయిల్ పెట్టి అడగండి, మొదటి స్లైడ్ మీద వాళ్ళ పేరు వేయండి. ఇక అసలు పని.

మొదటి రోజు అందరూ చేసేది ఏంటంటే, నోట్స్‌లో ఒక్కో వాక్యం తీసుకుని కింద తెలుగు రాసుకుంటూ పోవడం. ఈ టాక్‌కి అలా చేస్తే కొన్ని వాక్యాలు వినడానికి బాగుండకపోవడమే కాదు, అబద్ధం అయిపోతాయి. ఎక్కడో చూపిస్తా.

ఇంగ్లిష్ టాక్ మొత్తం "క్యారెక్టర్" అనే మాట మీద నడుస్తుంది. క్యారెక్టర్‌కి తెలుగేంటి? అక్షరం. చిన్నప్పటి నుంచి తెలిసిన మాటే కదా అని "స్ట్రింగ్‌లో ఎన్ని అక్షరాలున్నాయో `len` చెప్తుంది" అని నోట్స్‌లో రాశారనుకోండి. తర్వాతి స్లైడ్‌లో ఇది రన్ చేస్తారు:

```python
s = "తెలుగు"
len(s)                   # 6
len(s.encode("utf-8"))   # 18
```

హాల్లో కూర్చున్న ఎవరినైనా అడగండి, "తెలుగు"లో ఎన్ని అక్షరాలు? తె, లు, గు. మూడు. స్క్రీన్ మీద ఆరు. మీరు ఇప్పుడే అక్షరాలు లెక్కపెడుతుంది అన్నారు. ఇక ఆ పిల్లాడు పైథాన్‌ని నమ్మాలా, మిమ్మల్ని నమ్మాలా, ఒకటో తరగతి టీచర్‌ని నమ్మాలా? ఇంగ్లిష్‌లో ఈ గొడవ రాదు, ఎందుకంటే P, y, t... కంటికి కనపడేది, కంప్యూటర్ లెక్కపెట్టేది ఒకటే. నెడ్ కూడా మామూలు అక్షరాలతో పని జరగదనే, "పైథాన్" అనే పేరుని గొడుగు బొమ్మలాంటి వింత గుర్తులతో రాసి ఉదాహరణగా తీసుకున్నారు. మనకి గొడుగు అక్కర్లేదు. మన భాష పేరు చాలు.

కాబట్టి నేను నోట్స్‌కి ఒక రూల్ పెట్టుకున్నా. కంటికి ఒకటిగా కనపడేదాన్ని మాత్రమే "అక్షరం" అంటా. యూనికోడ్ నంబర్ ఇచ్చిన ఒక్కో ముక్కని "కోడ్ పాయింట్" అంటా, దానికి తెలుగు వెతకను. డిస్క్ మీద, నెట్‌వర్క్‌లో వెళ్ళేది "బైట్". ఈ మూడు మాటలు టాక్ మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా మారకూడదు. "తెలుగు"లో 3 అక్షరాలు, 6 కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటీ యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది, అందుకే 6 మూళ్ళు 18. ఈ ఒక్క లైన్ నోట్స్‌లో ఉంటే, ఇంగ్లిష్ నోట్స్‌లో రెండు స్లైడ్లు తీసుకున్న వివరణ అక్కర్లేదు.

వెంటనే ఇంకో లైన్ రన్ చేస్తా, `s[::-1]`. స్ట్రింగ్ తిరగేయడం, అందరికీ తెలిసిన ట్రిక్. ఇంగ్లిష్ మాట తిరగేస్తే ఏ తేడా కనపడదు. "తెలుగు" తిరగేస్తే "గులుతె" రావాలి కదా? రాదు. ముందు ఒక ఉత్త కొమ్ము వస్తుంది, దాని పక్కన "గు", తర్వాత "లె", చివర "త". త మీదున్న ఎత్వం లేచి ల మీద కూర్చుంది. ఎత్వం విడిగా ఒక కోడ్ పాయింట్ అని స్లైడ్ మీద డెఫినిషన్ రాయడం కన్నా ఇది చూపించడం బెటర్. ఇక్కడ నోట్స్‌లో నేను రాసుకున్నది ఒకటే మాట: "ఆగు". వాళ్ళు చూసుకుని నవ్వుకునే టైమ్ ఇవ్వాలి.

తర్వాత హాలుకి ఒక ప్రశ్న. మనం కూర్చున్న ఏరియా పేరు, "మాసబ్ ట్యాంక్". (ఇది "మా సాహెబా" పేరు మీద వచ్చింది. గోల్కొండ రాణి హయాత్ బక్షీ బేగంని అలా పిలిచేవాళ్ళు. చెరువు పోయింది, పేరు మిగిలింది.) ఎన్ని అక్షరాలు, ఎన్ని కోడ్ పాయింట్లు? కంటికి మా, స, బ్, ట్యాం, క్, అంటే ఐదు. కోడ్ పాయింట్లు మధ్యలో ఖాళీతో కలిపి 13. అందులో "ట్యాం" ఒక్కటే ఐదు: ట, పొల్లు, య, దీర్ఘం, సున్న. బైట్లు 37, ఎందుకంటే ఖాళీకి ఒకటే బైటు. ఇది వాళ్ళతో బోర్డు మీద రాయిస్తే మూడు నిమిషాలు పడుతుంది, ఆ మూడు నిమిషాలు ఇంగ్లిష్ టాక్‌లో లేవు. ఎక్కడి నుంచి తేవాలి?

పైథాన్ 2 నుంచి. ఒరిజినల్ టాక్‌లో పెద్ద భాగం పైథాన్ 2లో ఏం జరుగుతుంది, 3లో ఏం మారింది అనే. 2012లో అది అవసరం. పైథాన్ 2కి సపోర్ట్ 2020 జనవరి 1తో ఆగిపోయింది, హాల్లో ఉన్నవాళ్ళు దాన్ని చూసి కూడా ఉండరు. ఆ స్లైడ్లన్నీ తీసేశా. ఆ ప్లేస్‌లో వీళ్ళకి నిజంగా తగిలే దెబ్బ ఒకటి పెట్టా. మన ల్యాబుల్లో, ఇళ్ళల్లో ఉండేది ఎక్కువగా విండోస్. అక్కడ ఇలా రాయండి:

```python
f = open("names.txt", "w")
f.write("తెలుగు")
```

చాలా మెషిన్లలో వచ్చేది ఇది:

```
UnicodeEncodeError: 'charmap' codec can't encode
characters in position 0-5: character maps to <undefined>
```

ఫైల్‌కి ఎన్‌కోడింగ్ మనం చెప్పలేదు కాబట్టి విండోస్‌లో సెట్ అయి ఉన్నది పైథాన్ తీసుకుంది. ఆ పాత పట్టికలో తెలుగు లేదు. `open("names.txt", "w", encoding="utf-8")` అంటే పోతుంది. పైథాన్ 3.15తో యూటీఎఫ్-8 డిఫాల్ట్ చేయాలని నిర్ణయం అయింది గానీ, ల్యాబ్ మెషిన్లు అంత తొందరగా అప్‌డేట్ అవ్వవని మీకూ తెలుసు. ఇక్కడ నోట్స్‌లో ఎర్రర్ మెసేజ్‌ని తెలుగు చేయకూడదు. వాళ్ళకి స్క్రీన్ మీద కనపడేది ఇంగ్లిష్‌లోనే. "పొజిషన్ 0-5 అంటే మన ఆరు కోడ్ పాయింట్లూ" అని వేలు పెట్టి చూపిస్తే చాలు, ఇందాకటి 6 మళ్ళీ వచ్చింది.

ఇంకో నిర్ణయం, "యూనికోడ్ శాండ్‌విచ్". ప్రోగ్రామ్ లోపల ఎప్పుడూ టెక్స్ట్, బయటి అంచుల్లో మాత్రమే బైట్లు అని ఆ టాక్‌లో వచ్చే ఫేమస్ పోలిక. మా ఫ్రెండ్ ఒకడు "అన్నా, సమోసా అని పెట్టు, హాలు హిట్టు" అన్నాడు. హిట్టే. కానీ వాళ్ళు ఇంటికెళ్ళి "యూనికోడ్ సమోసా" అని వెతికితే ఏం దొరకదు, శాండ్‌విచ్ అని వెతికితే దొరుకుతుంది. వెతకాల్సిన మాటని మార్చను. సమోసా జోక్ మాత్రం నోరు జారినట్టు ఒకసారి వాడతా.

ఇప్పుడు ఎవరూ ముందే చెప్పని సంగతి, క్లిక్ ఎక్కడ పడాలి అనేది. ఇంగ్లిష్‌లో "బైట్లు వస్తాయి, ఎప్పుడంటే ఎన్‌కోడ్ చేసినప్పుడు" అనే వరస చాలా మామూలు, కాబట్టి స్లైడ్ మీద ముందు "బైట్లు" అనే డబ్బా వస్తుంది, తర్వాత `encode` బాణం. తెలుగులో నోరు ఆ వరసలో తిరగదు. "టెక్స్ట్‌ని ఎన్‌కోడ్ చేస్తే బైట్లు వస్తాయి." కారణం ముందు, ఫలితం చివర. పాత యానిమేషన్ అలాగే ఉంచితే నేను "ఎన్‌కోడ్ చేస్తే" అనేలోపే జవాబు స్క్రీన్ మీద ఉంటుంది. అందుకే నోట్స్‌లో నేను ఇలా రాస్తా: "టెక్స్ట్‌ని ఎన్‌కోడ్ చేస్తే [క్లిక్] బైట్లు వస్తాయి [క్లిక్]." స్లైడ్‌లో యానిమేషన్ ఆర్డర్ కూడా దానికి తగ్గట్టు తిప్పాలి. వాక్యం రాస్తున్నప్పుడు ఇది తెలియదు. ఒకసారి నిలబడి, క్లిక్కర్ పట్టుకుని, గట్టిగా చదివితే వెంటనే తెలుస్తుంది.

గట్టిగా చదివితే ఇంకోటి కూడా దొరుకుతుంది. "స్ట్రింగ్ బైట్లుగా మార్చబడుతుంది" అని రాసి ఉంటే నోరు అక్కడ తడబడుతుంది. మనం ఎవరం అలా మాట్లాడం. "మారుస్తాం" లేదా "పైథాన్ మారుస్తుంది". ఎవరు మారుస్తున్నారో చెప్పాల్సి రావడం వల్ల విషయం కూడా క్లియర్ అవుతుంది. ఈ టాక్‌లో అదే ముఖ్యం, ఫైల్ రాసేటప్పుడు మార్చింది మనమా, మనకి చెప్పకుండా పైథానా?

కథ కోసం ఒకటి పెట్టుకున్నా. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యాయి, గుర్తుందా? ఐఓఎస్ 11.2.5లో ఉన్న బగ్, ఫిబ్రవరి 19న 11.2.6తో సరిచేశారు. ఆ అక్షరం "జ్ఞా" లాంటిదే, కానీ మధ్యలో కంటికి కనపడని కోడ్ పాయింట్ ఒకటి ఉంది: జ, పొల్లు, ఞ, జీరో విడ్త్ నాన్ జాయినర్, దీర్ఘం. అదే కనపడని గుర్తుని మనం రోజూ టైప్ చేస్తున్నాం. "మీటప్‌లో" అని రాస్తే ప్ కింద ల ఒత్తు పడకుండా ఆపేది అదే. మాట చివర మిగిలిపోతే కంటికి తేడా తెలియదు, `==` మాత్రం `False` అంటుంది. ఫామ్‌లో పేరు ఉంటుంది, సెర్చ్‌లో దొరకదు. ఐఫోన్ కథని ఇంగ్లిష్ కాన్ఫరెన్స్‌లో చెప్తే వింత వార్త. ఇక్కడ మన పేర్లు దొరక్కపోవడానికి కారణం.

డెమో గురించి ఒక్క మాట. చాలా టెర్మినళ్ళు ఒక్కో గుర్తుకీ సమానమైన గడి ఇస్తాయి కాబట్టి తెలుగు ఒత్తులు విడిపోయి కనపడతాయి. "తిరగేస్తే ఎత్వం మారింది" అని మీరు చూపిస్తుంటే, అసలు మాటే విరిగి ఉంటే ఎవరు నమ్ముతారు? అందుకే డెమో మొత్తం బ్రౌజర్‌లో, జూపిటర్ నోట్‌బుక్‌లో. ప్రెజెంటర్ వ్యూలో నోట్స్ ఫాంట్ పెంచుకోండి, ఒత్తులు కింద ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్‌కి సరిపోయిన సైజులో తెలుగు చదవలేం. ఇంకో ల్యాప్‌టాప్‌లో పెట్టాల్సి వస్తే ఆ మెషిన్‌లో తెలుగు ఫాంట్ ఉందో లేదో ముందు రోజే చూసుకోండి.

ఇప్పటికి నా నోట్స్ గట్టిగా చదివితే 27 నిమిషాలు వస్తోంది. రెండు నిమిషాలు కోయాలి. ఐఫోన్ కథ కోయాలా, బోర్డు మీద మాసబ్ ట్యాంక్ కోయాలా అనేది ఇంకా తేలలేదు. నాకైతే ఐఫోన్‌ని కోయాలని ఉంది. మీరేమంటారో కింద రాయండి, శుక్రవారం లోపు.