ఒకటే గుమ్మం, రెండొందల యాభై మంది

గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకుని, పిలుపులు కూడా మొదలుపెట్టిన వాళ్లకోసం ఈ నాలుగు మాటలు.

సొంత స్థలంలో కట్టుకున్న ఇంటికి ముందు వాకిలి, వెనక పెరడు, పక్కన సందు ఉంటాయి. జనం ఎటో ఒకవైపు సర్దుకుంటారు. చిక్కంతా ఫ్లాటుతోనే. లోపలికి రావడానికీ బయటికి పోవడానికీ ఒకటే గుమ్మం. అందుకే ఒక ఫ్లాటునే ఉదాహరణగా తీసుకుందాం. మూడో అంతస్తు, మూడు పడకగదులు, ఒక లిఫ్టు. పిలిచింది రెండొందల యాభై మందిని. తెల్లవారుజామున ప్రవేశం, ఆ తర్వాత హోమం, సత్యనారాయణస్వామి వ్రతం, మధ్యాహ్నం భోజనాలు.

ముందు హాలు కొలవండి. పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఉందనుకుందాం. మండపం, హోమం, పీటల మీద దంపతులు, పంతులుగారు, పూజాసామగ్రి, ఇవన్నీ కలిసి ఎనిమిది అడుగుల పొడవు తినేస్తాయి. మిగిలింది పన్నెండుకు పన్నెండు. అందులో గుమ్మం నుంచి వంటింటి దాకా మూడడుగుల దారి వదలాలి. ఇక ఉన్నది తొమ్మిదికి పన్నెండు, అంటే 108 చదరపు అడుగులు. కుర్చీలో కూర్చున్న మనిషికి కాళ్లు పెట్టుకునే చోటుతో కలిపి ఆరు చదరపు అడుగులు కావాలి. అంటే పద్దెనిమిది కుర్చీలు, అంతే. జంపఖానా పరిస్తే పాతికమంది దాకా కూర్చోవచ్చు. నన్నడిగితే జంపఖానా పరిచి, గోడవారగా ఆరేడు కుర్చీలు మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు వెయ్యమంటాను. షామియానా వాళ్లు యాభై కుర్చీలు పైకి పంపిస్తామంటే ఒప్పుకోకండి. కుర్చీలు నిండితే మనుషులు నిలబడే చోటు కూడా ఉండదు.

లెక్క ఇలా తేలాక పిలుపులోనే జనాన్ని మూడు వేళలకు విడదీయాలి. ప్రవేశానికి ఇంటివాళ్లు, ఆడపడుచులు, పుట్టింటివాళ్లు ఉంటే చాలు. వ్రతానికి దగ్గరి బంధువులు తొమ్మిదింటికి వస్తారు. స్నేహితులకు, ఆఫీసువాళ్లకు, చుట్టుపక్కలవాళ్లకు “పదకొండున్నర తర్వాత భోజనానికి రండి” అని నోటితోనే చెప్పండి. కార్డులో ముహూర్తం ఒక్కటే వేసి ఊరుకుంటే ఎవరెప్పుడు రావాలో వాళ్లకూ తెలియదు, అందరూ ఒంటిగంటకే దిగుతారు.

ఇక ప్రవేశం. గోమాతను లిఫ్టులో, మెట్ల మీద పైకి తీసుకెళ్లే పని పెట్టుకోవద్దు. గేటు దగ్గరో సెల్లారులోనో పూజ చేసి, ప్రదక్షిణ చేసుకుని, దంపతులు పైకి రావచ్చు. పంతులుగారితో ముందే మాట్లాడితే ఆయనే సర్దుబాటు చెబుతారు. ఇండిపెండెంట్ ఇల్లయి, ఆవు లోపలికి వస్తుందంటే, నున్నటి టైల్స్ మీద దాని గిట్టలు నిలవవు. ముందరి కాళ్లు జారగానే బెదురుతుంది, బలంగా వెనక్కి లాగుతుంది. గడప నుంచి అది నడిచే దారంతా తడిపి పిండిన గోనె పట్టాలు పరచండి. డప్పులు, బ్యాండు ఆ పావుగంట ఆపించండి. దూడను కూడా తీసుకొస్తే ఆవు కుదురుగా ఉంటుంది.

గుమ్మడికాయ కొట్టిన వెంటనే ఆ ముక్కలూ కుంకుమ నీళ్లూ ఒకరు తీసేసి తుడవాలి. కొత్త ఇంటి గడప దగ్గర కాలు జారేది ఎక్కువగా అక్కడే.

హోమం విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. కుండాన్ని నేరుగా టైల్స్ మీద పెట్టకండి. వేడికి టైల్ పగులుతుంది, పాలరాయి అయితే నల్లబడి మరక ఉండిపోతుంది. కింద రెండు వరసల ఇటుకలు, వాటి మీద రెండంగుళాల ఇసుక, ఆ పైన కుండం. వీలైతే బాల్కనీ తలుపు వైపు పెట్టించండి. దిక్కు పంతులుగారే చెప్పాలి కాబట్టి ముందురోజే హాలు ఫొటో పంపి అడగండి. ఫ్యాను వేస్తే మంట ఎగసి బూడిద చల్లుతుంది. ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి, వంటింటి ఎగ్జాస్ట్ వెయ్యండి. మండపం చుట్టూ జరీ గుడ్డలు, ప్లాస్టిక్ పూలు వేలాడదీసే అలంకరణ ఈ మధ్య బాగా పెరిగింది. నిప్పు రాజేసే చోట అది వద్దే వద్దు. బంతిపూలు, మామిడాకులు చాలు, అవే నిండుగా ఉంటాయి. పొగ పసిగట్టి మోగే అలారం ఉన్న అపార్టుమెంటు అయితే మెయింటెనెన్స్ వాళ్లకు ముందురోజే చెప్పాలి.

గుమ్మానికి అరటి పిలకలు కట్టేటప్పుడు ఒక్కసారి చూసుకోండి. మూడున్నర అడుగుల ద్వారానికి అటొకటి ఇటొకటి లోపలివైపు కడితే దారి రెండడుగులకు వచ్చేస్తుంది. ఆకులు ముఖానికి తగులుతాయి, పళ్లెం పట్టుకున్న మనిషి పక్కకు తిరిగి నడవాలి. వాటిని వరండా గోడవైపు, ద్వారబంధానికి బయట నిలబెట్టండి. తోరణానికి కొత్త టేకు గుమ్మంలో మేకులు దిగ్గొట్టకుండా పురికొస కట్టండి. పూలముగ్గు గుమ్మానికి ఎదురుగా కాకుండా పక్కన వెయ్యండి, లేకపోతే గంటలో కాళ్ల కిందికి పోతుంది. చెప్పులు కూడా గుమ్మం ముందు కాదు, మెట్ల మలుపులో వదిలించాలి. అక్కడ ఒక కుర్రాడిని నిలబెడితే వచ్చినవాళ్లకు దారి కూడా చెబుతాడు.

ఇల్లంతా చూడాలని అందరికీ ఉంటుంది. హాలు, వంటిల్లు, పడకగదులు, మళ్లీ గుమ్మం, ఇలా ఒకే వైపు తిరిగేలా ఇంట్లో ఒకరు ముందు నడిచి చూపించాలి. ఒక పడకగది తాళం వేసి నగలు, డబ్బు, పట్టుచీరల పెట్టెలు అందులో ఉంచండి. ఇంకోటి పసిపిల్లల తల్లులకు ఖాళీగా ఉంచండి. బాల్కనీకి ఇంకా గ్రిల్ బిగించకపోతే ఆ తలుపుకు గొళ్లెం పెట్టేయాలి, పిల్లలు పరిగెత్తేది అటే. హోమం జరుగుతున్నంతసేపు ఆ తలుపు తెరిచి ఉండాలంటే అక్కడ ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టండి.

అసలు రద్దీ మొదలయ్యేది వ్రతం అయ్యాక. బట్టలు పెట్టడానికి, కవర్లు ఇవ్వడానికి, దంపతులతో ఫొటో దిగడానికి బంధువులు వరస కడతారు. ఇంటికొక నిమిషమైనా నలభై ఇళ్లవాళ్లకు నలభై నిమిషాలు పడుతుంది. ఆ వరస హాల్లోంచి మెట్ల దాకా పోతుంది, ఇల్లు చూద్దామని వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే నిలిచిపోతారు. అందుకని దీపం దగ్గర ఒక పెద్దావిడను కూర్చోబెట్టి, దంపతులను పన్నెండింటికల్లా సెల్లారులోకి దింపండి. భోజనాలు ఎలాగూ అక్కడే కాబట్టి రెండు కుర్చీలు, వెనక ఒక పూలతెర ఉంటే చాలు. తాంబూలం సంచులు కూడా కిందే, బయటికి వెళ్లే దారిలో ఇవ్వండి.

సెల్లారుకు అసోసియేషన్ అనుమతి వారం ముందే తీసుకుని, ఆ పూట కార్లు తీయించాలి. బంతికి యాభైమంది చొప్పున కూర్చోబెడితే, ఆకులు తీసి బల్లలు తుడవడంతో కలిపి ఒక్కో బంతికి దాదాపు నలభై నిమిషాలు. ఐదు బంతులంటే మూడు గంటలు దాటుతుంది. పదకొండున్నరకే మొదటి బంతి కూర్చోబెడితే మూడింటికి ముగుస్తుంది. బల్లల వరసల మధ్య వడ్డించేవాళ్లు బకెట్లతో తిరగడానికి నాలుగడుగులు వదలండి. చేతులు కడిగే చోటు, మంచినీళ్ల డ్రమ్ము ఒకదానికొకటి దూరంగా, రెండు మూలల పెట్టించండి. క్యాటరింగువాళ్ల గిన్నెలు లిఫ్టులో తిరగకుండా నేరుగా సెల్లారుకే దింపించండి. ఆ రోజు లిఫ్టు పెద్దవాళ్లది.

ముందురోజు సాయంత్రం టేపు చేత్తో పట్టుకుని గేటు నుంచి గుమ్మం, గుమ్మం నుంచి బంతి దాకా ఒక్కసారి నడవండి. మీతో పాటు ఇంట్లో అందరికంటే పెద్దవయసు వాళ్లను కూడా నడిపించండి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ అడ్డున్న వస్తువును ఆ రాత్రే తీయించండి.