ఎప్పటికి చేరతాం తాతయ్యా?

రాజమండ్రిలో ఉదయం 10 గంటలకు బండి కదిలింది. విశాఖ ఇంకా సుమారు 200 కిలోమీటర్లు.

"ఎప్పటికి చేరతాం తాతయ్యా?"

"పట్టాల పక్కన కిలోమీటరు రాళ్లున్నాయి, చూడమ్మా."

రాయికీ రాయికీ మధ్య 45 సెకన్లు పట్టింది. గంటలోని 3600 సెకన్లను 45తో భాగిస్తే 80. అంటే గంటకు 80 కిలోమీటర్లు.

"రెండున్నర గంటలు! పన్నెండున్నరకి దిగుతాం" అంది పాప.

మరి సామర్లకోట, తుని, అనకాపల్లి? బండి ఆగేది రెండేసి నిమిషాలే. కానీ ఆగేముందు వేగం తగ్గాలి, కదిలాక మళ్లీ అందుకోవాలి. సామర్లకోటలో అలా మొత్తం ఐదు నిమిషాలు పోయాయి. మూడుచోట్లా పదిహేను. పాప లెక్క దిద్దుకుంది: 12.45.

సిగ్నల్ దగ్గర నిలిపితే ఆ నిమిషాలూ కలపాలి. ఈసారి రైలెక్కినప్పుడు మీ పిల్లలచేత రాళ్ల మధ్య సెకన్లు లెక్కపెట్టించండి.