కెమెరా ముందు ఆఫీసు: మాక్యుమెంటరీ హాస్యం రాయడం గురించి



ఆఫీసు జీవితం మీద మాక్యుమెంటరీ హాస్యం రాస్తున్నామంటూ కుర్రవాళ్లు తెచ్చి చూపించే స్క్రిప్టులు చదువుతుంటాను. దాదాపు అన్నింట్లోనూ ఒకటే లోపం కనిపిస్తోంది. గుమాస్తా కుర్చీలో కూర్చుని కెమెరాకేసి తిరిగి, మేనేజరంటే తనకు ఎంత ఒళ్లుమంటో చెప్పేస్తాడు. తర్వాత మేనేజరు అదే కుర్చీలో కూర్చుని, తన స్టాఫ్ ఎంత సోమరులో చెప్పేస్తాడు. ఇద్దరూ మనసులో ఉన్నది దాచకుండా బయటపెడతారు. పేరుకి ఇంటర్వ్యూ గానీ, అది స్వగతం. ఈ రెంటికీ ఉన్న తేడా పట్టుబడితే ఈ తరహా రచన సగం పట్టుబడినట్టే. అందుకే ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడతాను.

స్వగతం మనకు నాటకాల నుంచీ అలవాటే. జంధ్యాల గారి 'అహ నా పెళ్ళంట' 1987లో వచ్చింది. అందులో అరగుండు వేషం వేసిన బ్రహ్మానందం, పిసినారి యజమాని ముందు నోరెత్తలేక లోలోపల తిట్టుకుంటాడు. ఆ తిట్లు యజమానికి వినపడవు, మనకే వినపడతాయి. అక్కడ అతను అబద్ధమాడాల్సిన పని లేదు. ఎవరూ వినరని తెలిసినప్పుడు మనిషి నిజమే మాట్లాడతాడు.

మాక్యుమెంటరీలో ఇంటర్వ్యూ పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. ఎదురుగా కెమెరా ఉంది. పక్కన ప్రశ్న అడిగే మనిషి ఉన్నాడు. చొక్కాకి మైకు తగిలించారు. తను అన్నది రేపు టీవీలో వస్తుందనీ, పై ఆఫీసర్లూ పక్కింటివాళ్లూ అత్తవారివైపు వాళ్లూ చూస్తారనీ పాత్రకు తెలుసు. అలాంటప్పుడు ఎవరైనా మనసు విప్పుతారా? తను ఎలాంటివాడుగా కనిపించాలనుకుంటాడో అలాంటివాడుగా మాట్లాడతాడు. నిజం ఆ తర్వాతి షాట్‌లో, అతను ప్రవర్తించే తీరులో బయటపడుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న దూరమే ఈ హాస్యానికి పెట్టుబడి.

దీన్ని అత్యంత నిష్ఠగా పాటించిన రచన బీబీసీ టూలో 2001 జులైలో మొదలైన 'ది ఆఫీస్'. రికీ జెర్వైస్, స్టీఫెన్ మర్చంట్ కలిసి రాసి, కలిసే దర్శకత్వం వహించారు. లండన్‌కి పడమరగా ఉన్న స్లౌ పట్టణంలో వెర్నమ్ హాగ్ అనే కల్పిత కాగితం కంపెనీ, దాని బ్రాంచి మేనేజరు డేవిడ్ బ్రెంట్. ఆ వేషం జెర్వైసే వేశారు. ఆరేసి భాగాల రెండు సీజన్లు, 2003 క్రిస్మస్‌కి ముగింపుగా రెండు ప్రత్యేక భాగాలు, అంతే. మధ్యలో నవ్వుల ట్రాక్ లేదు. ఇక్కడ నవ్వండని చెప్పే నేపథ్య సంగీతం కూడా లేదు.

అప్పటికి బ్రిటన్ టీవీలో డాక్యుసోప్‌ల జోరు నడుస్తోంది. విమానాశ్రయాల్లోనూ డ్రైవింగ్ స్కూళ్లలోనూ మామూలు మనుషుల వెంట కెమెరా తిప్పి, వాళ్లనే ధారావాహికగా చూపించేవారు. వాళ్లలో కొందరు ఊరూవాడా తెలిసిన ప్రముఖులైపోయారు. డేవిడ్ బ్రెంట్ అలా ప్రముఖుడు కావాలని తహతహలాడే మనిషి. కెమెరా ఆఫీసుకి రావడానికి కథలో కారణం ఉంది, ఆ కెమెరా మీద ఆశ పెట్టుకోవడానికి పాత్రకీ కారణం ఉంది. మీరు రాసేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ఈ కెమెరా వాళ్లు ఎవరు, ఎందుకు వచ్చారు, వాళ్ల దగ్గర ఏ పాత్రకు ఏం కావాలి?

మొదటి భాగంలో ఒక ఘట్టం చెప్తాను. స్లౌ బ్రాంచినో ఇంకో బ్రాంచినో మూసేసే అవకాశం ఉందని పై ఆఫీసు నుంచి కబురొస్తుంది. ఉద్యోగాలు పోతాయేమోనని అందరికీ భయం. ఆ వాతావరణంలో, ఆరోజే చేరిన కొత్త కుర్రాడికి తను ఎంత సరదా మనిషో చూపించాలని బ్రెంట్‌కి అనిపిస్తుంది. రిసెప్షనిస్టు డాన్‌ని గదిలోకి పిలిచి, నువ్వు ఆఫీసు నోట్ కాగితాలు దొంగిలించావు, ఉద్యోగం తీసేస్తున్నాను అంటాడు. ఆమె నమ్మి ఏడుస్తుంది. తమాషాకి అన్నాననే మాట అప్పుడు చెప్తాడు.

అక్కడ ఎంత మౌనం పేరుకుంటుందో చూడండి. అది దానంతటదే రాలేదు, మూడు ఏర్పాట్లు చేసి రప్పించారు. వెనక్కి తీసుకోలేని పని ఒకటి జరిగిపోయింది. కొత్త కుర్రాడు సాక్షిగా అక్కడే కూర్చున్నాడు, మొదటి రోజు కాబట్టి లేచి వెళ్లిపోలేడు. కెమెరా కూడా అక్కడి నుంచి పోదు. ఇంకో ధారావాహికలో అయితే ఆ క్షణంలో ఘట్టం మార్చి మనల్ని కాపాడతారు. ఇక్కడ కాపాడరు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మౌనం ఇబ్బందిగా మారదు, ఖాళీగా మిగులుతుంది. స్క్రిప్టులో 'మౌనం' అని ఒక మాట రాసి ఊరుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఎవరు బయటికి పోలేకపోతున్నారో రాయండి, ఎవరి చేతులు ఏం చేస్తున్నాయో రాయండి, ముందుగా ఎవరు తట్టుకోలేక నోరు తెరుస్తారో రాయండి.

రెండో సీజన్ ఆఖరి భాగం ఇంకా గొప్పది. సేల్స్‌లో పనిచేసే టిమ్‌కి డాన్ అంటే ఇష్టం. ఆమెకు వేరే అతనితో పెళ్లి నిశ్చయమై ఉంది. ఇంటర్వ్యూలో ఏదో సర్దిచెప్పుకుంటున్న టిమ్ మధ్యలోనే లేచి వెళ్లిపోతాడు. డాన్‌ని ఒక గదిలోకి పిలుచుకెళ్లి తలుపు వేస్తాడు. వేసుకున్న మైకు గుర్తొచ్చి పీకేస్తాడు. అంతే, శబ్దం ఆగిపోతుంది. కెమెరా బయటే ఉండిపోయి, కిటికీ లోంచి ఇద్దర్నీ చూపిస్తుంది. వాళ్లేం మాట్లాడుకున్నారో మనకు ఒక్క ముక్క వినపడదు. కాసేపటికి టిమ్ తన సీటుకి వచ్చి, మైకు మళ్లీ తగిలించుకుని, ఆమె కాదన్నదని మామూలు గొంతుతో కెమెరాకి చెప్తాడు. మొత్తం ధారావాహికలో ఒక మనిషి నిజంగా మనసు విప్పిన ఆ క్షణాన్ని రచయితలు మనకు వినిపించలేదు. మైకు ఉన్నంతసేపూ నిజం రాదన్న తమ సూత్రానికి వాళ్లు అంతగా కట్టుబడి ఉన్నారు. నేను చూసిన హాస్య రచనలో ఇంతకన్నా నిజాయితీ గల మౌనం లేదు.

గ్రెగ్ డేనియల్స్ సారథ్యంలో వచ్చిన అమెరికా రూపం ఎన్‌బీసీలో 2005 నుంచి 2013 దాకా, 201 భాగాలు నడిచింది. నాకూ అది ఇష్టమే. కానీ అంత పొడుగునా సూత్రం బిగువుగా నిలవలేదు. అందులో టిమ్‌కి సాటి పాత్ర అయిన జిమ్ కెమెరాకేసి చూసే చూపు మొదట్లో సాక్షి కోసం వెతికే చూపు. పోనుపోను అది ప్రేక్షకుడికి కన్నుగీటినట్టు అయింది. 2009లో మొదలైన 'మోడరన్ ఫ్యామిలీ'లో అయితే ఎవరు తీస్తున్నారో, ఎవరు అడుగుతున్నారో అన్న ఊసే ఉండదు. దాంతో ఇంటర్వ్యూలు మళ్లీ స్వగతాలైపోయాయి. చూడ్డానికి హాయిగా ఉంటుంది, కానీ అది వేరే జాతి హాస్యం.

ఇప్పుడు మన ఆఫీసుకి వద్దాం. బ్రెంట్ జోకు వేస్తే అతని స్టాఫ్ నవ్వరు, చూస్తూ ఊరుకుంటారు. మన దగ్గర అలా జరగదు. సార్ జోకు వేస్తే అందరూ నవ్వుతారు, నవ్వాలి కూడా. కాబట్టి బ్రిటిష్ మౌనాన్ని తెచ్చి మన ఆఫీసులో పెడితే అతకదు. మన మౌనం నవ్వు అయిపోయాక వస్తుంది. ఎవరి నవ్వు ముందు ఆగింది, ఎవరిది ఆఖరున ఆగింది అన్నదాంట్లో మన ఆఫీసు అంతస్తులన్నీ కనిపిస్తాయి.

ఒక చిన్న ఘట్టం రాసి చూపిస్తాను. విజయవాడలో ఒక సిమెంటు డీలరు ఆఫీసు అనుకోండి, మే నెల. మేనేజరు ఇంటర్వ్యూతో మొదలుపెడదాం. "ఇక్కడ నేను సార్‌ని, వాళ్లు స్టాఫ్ అనే తేడా లేదండి. ఏసీ రిమోటే తీసుకోండి, అది అందరిదీ. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చు."

తర్వాతి షాట్. బిల్లింగ్ అమ్మాయి గది గుమ్మంలో నిలబడి, "సార్, రిమోటు" అంటుంది. ఆయన జేబులోంచి తాళాలగుత్తి తీసి, సొరుగు తెరిచి, ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరుబ్యాండు వేసిన రిమోటు బయటికి తీస్తాడు. దాంతోపాటు ఒక రిజిస్టరు. ఆ అమ్మాయి పేరు, టైము రాస్తుంది. 'కారణం' అన్న గడి దగ్గర కాస్త ఆలోచించి 'ఉక్క' అని రాస్తుంది. ఇరవై ఏడుని ఇరవై ఆరు చేసి రిమోటు తిరిగి ఇస్తుంది. ఆయన హాల్లోకి వినపడేలా, "ఇంకొక్క డిగ్రీ తగ్గించామంటే కాశ్మీరే" అంటాడు. అందరూ నవ్వుతారు. ఒక్కొక్కరి నవ్వూ ఆగుతుంది. రిటైర్మెంటు దగ్గరపడ్డ అకౌంటెంటు గారు ఇంకా నవ్వుతూనే ఉంటారు, తనొక్కరే మిగిలానని తెలిసి ఆపుతారు. ప్రింటరు చప్పుడు. మేనేజరు కెమెరాని చూసి, రిజిస్టరు మెల్లగా మూసి, "రాసిపెట్టుకుంటే మంచిదని" అంటాడు.

ఇప్పుడు ఆ అమ్మాయి ఇంటర్వ్యూ రాయాలి. చాలామంది "మా సార్ పిసినారి, రిమోటుకి కూడా తాళమే" అని రాస్తారు. మనం కళ్లారా చూసిందే మళ్లీ చెప్పడం అది, పైగా ఉద్యోగం పోయే మాట. నేనైతే ఇలా రాస్తాను. "కొత్తల్లో కారణం గడి ఉండేది కాదండి." కాసేపు ఆగుతుంది. "నా చేతిరాత బావుంటుందని గీతలన్నీ నన్నే కొట్టమన్నారు." ఈ రెండో మాట కాస్త గర్వంగా అనాలి. అందులో ఫిర్యాదు లేదు, జోకు లేదు. తన ఉక్కకి తనే గీతలు గీసిచ్చిన మనిషి కనిపిస్తుంది.

నటులకి కూడా ఒక మాట. 'అహ నా పెళ్ళంట'లోనే ఆ పిసినారి వేషం వేసిన కోట శ్రీనివాసరావు గారు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్తన్నం తింటారు. ఆ మనిషి ముఖంలో తమాషా చేస్తున్నానన్న ఛాయ ఎక్కడా ఉండదు. పొదుపుగా భోంచేస్తున్నానన్న తృప్తే ఉంటుంది. డెడ్‌పాన్ నటనకి మనం బయటి నుంచి పాఠం తెచ్చుకోనక్కర్లేదు.

మీ స్క్రిప్టు నిలుస్తుందో లేదో తెలుసుకునే పద్ధతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఒక ఇంటర్వ్యూ తీసేసి ఆ ఘట్టం చదవండి. అర్థంలో ఏ మార్పూ లేకపోతే ఆ ఇంటర్వ్యూ అనవసరం, కొట్టేయండి. తర్వాత, ఆ ఇంటర్వ్యూ టీవీలో వచ్చిన మర్నాడు ఆ పాత్ర అదే ఆఫీసుకి వెళ్లి అదే కుర్చీలో కూర్చోగలదా అని అడగండి. కూర్చోలేదంటే అంత మాట ఆ పాత్ర కెమెరా ముందు అని ఉండదు. తిరిగి రాయండి.