చిల్లా నలభై రోజులు – బాలింత మనసు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మేము చెప్పదలచినది కాన్పు తర్వాత తల్లికి వచ్చే దిగులు జబ్బును గురించి. మేము డాక్టర్లము కాము, బడిపంతుళ్ళము. అందుకని డాక్టర్లు వాడే ఒక ప్రశ్నల పట్టికను తీసుకుని, బడిలో లెక్క చెప్పినట్టే విప్పి చెబుతాము.

మన ఇళ్ళల్లో బాలింతకు చిల్లా నలభై రోజులు ఎంత సేవ జరుగుతుందో అందరికీ తెలుసు. హరీరా తాగిస్తాం, గోంద్ లడ్డూలు పెడతాం, నూనెతో ఒళ్ళు మర్దన చేయిస్తాం. పని ముట్టుకోనివ్వం. అది మంచి ఆచారమే. కాని ఈ ఆచారం చాటున ఒక జబ్బు దాక్కుంటుంది. మామూలు రోజుల్లో ఆడమనిషి వంట మానేసినా, నమాజు వదిలేసినా, నలుగురిలోకి రాకపోయినా ఇంట్లోవాళ్ళు వెంటనే పసిగట్టి "ఏమైందమ్మా?" అని అడుగుతారు. చిల్లాలో వంట ఎలాగూ లేదు, నిఫాస్ ఉన్నన్నాళ్ళు నమాజు ఎలాగూ మాఫ్, బయటకు పోవడం అసలే లేదు. కాబట్టి మనసు చెడ్డదని చూసి తెలుసుకునే గుర్తులు ఒక్కటీ కనబడవు. అందుకే అడిగి తెలుసుకోవాలని మా మనవి.

ముందు మూడు సంగతులు వేరు చేసుకోవాలి.

మొదటిది, కాన్పయిన మూడో రోజు, నాలుగో రోజు వచ్చే ఏడుపు. ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, అంతలోనే నవ్వుతుంది. ఇది సగానికి పైగా బాలింతలకు వస్తుంది. దగ్గర కూర్చుని, నిద్రపోనిస్తే చాలు. రెండు వారాల్లోపల దానంతటదే పోతుంది.

రెండవది, ఆ రెండు వారాలు దాటినా పోని దిగులు. ఒకోసారి నెలా రెండు నెలల తర్వాత మొదలవుతుంది కూడా. బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర రాదు, అన్నం సయించదు, "నేను తల్లిగా పనికిరాను" అనుకుంటుంది. ఇది జబ్బు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2017లో లెక్క తీస్తే నూటికి 22 మంది తల్లులకు ఇది ఉన్నట్టు తేలింది. అంటే ఐదుగురిలో ఒకరు. ఆడపిల్ల పుట్టిందన్న మాటలు, భర్త కొట్టడం, చేతిలో పైసలు లేకపోవడం దీనిని పెంచుతాయని 2002లో వెలువడిన గోవా అధ్యయనం చూపింది.

మూడవది అరుదు, వెయ్యి మందిలో ఒకరిద్దరికి వస్తుంది. కాన్పయిన మొదటి రెండు వారాల్లోనే ఎక్కువగా మొదలవుతుంది. రాత్రంతా నిద్ర ఉండదు, పొంతన లేని మాటలు, ఎవరో మాట్లాడినట్టు వినబడడం, "ఇది నా బిడ్డ కాదు" అనడం. మనవాళ్ళు దీనిని అసర్ అంటారు, గాలి సోకిందంటారు. దువా చేయించండి, ఎవరూ వద్దనరు. కాని అదే రోజు దవాఖానాకు తీసుకుపోవాలి. బిడ్డను, తల్లిని ఒంటరిగా వదలకూడదు.

ఇక రెండవ దానిని కనిపెట్టే పద్ధతి. 1987లో ఎడిన్‌బరోలో పది ప్రశ్నల పట్టిక ఒకటి తయారయింది. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. గడిచిన ఏడు రోజుల సంగతే అడుగుతారు. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు, సున్నా నుంచి మూడు మార్కులు. బాగుంటే సున్నా, బాగా చెడితే మూడు. ఇక్కడ ఎక్కువ మార్కులు వస్తే సంతోషించేది కాదు!

అర్థం కావడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. ఇరవై రెండేళ్ళ బిడ్డ. రెండో కాన్పు, మళ్ళీ ఆడపిల్ల. ఐదు వారాలైంది, పుట్టింట్లో ఉంది. అమ్మీ అడిగితే "అల్‌హందులిల్లా, ఠీక్ హూఁ" అంటుంది. ఏ.ఎన్.ఎం. అక్క ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగింది. నవ్వొచ్చే సంగతికి నవ్వగలుగుతున్నదా – 1. రేపటి కోసం సంతోషంగా ఎదురు చూస్తున్నదా – 2. ఏం జరిగినా తనదే తప్పనుకుంటున్నదా – 2. కారణం లేని ఆందోళన – 2. కారణం లేని భయం – 1. పనులన్నీ మీద పడ్డట్టు ఉండడం – 2. దుఃఖంతో నిద్ర పట్టకపోవడం – 2. దిగులు – 2. ఏడుపు – 1. తనకు తాను హాని చేసుకోవాలన్న తలంపు – 0. కూడితే 15.

పది, ఆపైన వస్తే డాక్టరుకు చూపించాలి. పదమూడు, ఆపైన వస్తే జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. మొత్తం ఎంత తక్కువైనా సరే, పదో ప్రశ్నకు సున్నా కాక మరేది వచ్చినా ఆ రోజే చూపించాలి. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని కొందరి భయం. అలా జరగదు; అడిగితే ఉన్న బరువు దిగుతుంది.

అడగడంలోనే అంతా ఉంది. అత్తమ్మ ముందు, భర్త ముందు అడిగితే జవాబు నిజం కాదు. చదువు రాకపోతే నాలుగు జవాబులూ చదివి వినిపించాలి. తొమ్మిది వచ్చిందని వదిలేయవద్దు, రెండు వారాలకు మళ్ళీ అడగాలి. చిల్లా నహాన్ అయిపోయిందని కూడా మరవవద్దు. ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు కనుక మూడో నెలలో మరోసారి అడగడం మంచిది. ఈ మార్కులు జబ్బును నిర్ధారించవు, ఎవరిని డాక్టరు చూడాలో మాత్రమే చెబుతాయి.

మన ఉదాహరణలోని బిడ్డకు డాక్టరు ఏం చేస్తారు? ముందు రక్తం తక్కువుందా, థైరాయిడ్ ఉందా అని పరీక్ష చేయిస్తారు. అవి కూడా ఇలాగే నీరసం, దిగులు తెస్తాయి. తర్వాత వారం వారం కూర్చోబెట్టి మాట్లాడే చికిత్స. అవసరమైతే మాత్రలు. సెర్ట్రాలిన్ లాంటి మాత్ర పాలలోకి చాలా తక్కువగా పోతుంది కనుక సాధారణంగా పాలు మాన్పించనక్కర లేదు. డాక్టరుకు పాలిస్తున్న సంగతి చెబితే చాలు. గుణం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగైంది కదా అని మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. బాగైన తర్వాత కూడా సుమారు ఆరు నెలలు వాడమంటారు. ఇంట్లోవాళ్ళ వంతు ఒకటుంది: రాత్రి ఒక పూట బిడ్డను వేరొకరు ఎత్తుకుని, తల్లికి నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్ర దొరకనివ్వాలి.

"ఈమాన్ తక్కువై ఇలా అయింది" అనే మాట మాత్రం ఎవరూ అనవద్దు. సూరా మర్యమ్ చదివినవారికి తెలుసు, ప్రసవ వేదనలో హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం) ఎంత నిరాశగా పలికారో. అప్పుడు ఆమెకు మందలింపు రాలేదు. ఓదార్పు వచ్చింది, తాగడానికి నీరు, తినడానికి ఖర్జూరం వచ్చాయి.

ఎక్కడికి పోవాలి? మొదట మీ ఆశా కార్యకర్తకు చెప్పండి. దవాఖానాలో కాన్పయితే ఆమె 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. బిడ్డ బరువు చూసి పోనివ్వక తల్లి సంగతి కూడా చెప్పండి. తర్వాత మన సిద్దిపేట ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్యుల కోసం అడగండి. పెద్ద జబ్బయితే హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ఇల్లు కదలలేనివారు 14416కు ఫోన్ చేయవచ్చు. అది 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలిమానస్, పైసలు లేవు, రాత్రింబవళ్ళు పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయమనిపిస్తే 108.

ఈ కాగితం మగవాళ్ళు జేబులో పెట్టుకుని పోకుండా, ఇంట్లో బాలింత ఉంటే ఆమె చేతికీ, ఆమె అత్తమ్మ చేతికీ ఇవ్వండి. చదవలేనివారికి చదివి వినిపించండి. ఖుదా హాఫిజ్.